రూపాయి సాచెట్ లెక్క: పల్లె మార్కెట్లో ధర ముందు, సరుకు తర్వాత

పట్నంలో అమ్మే సరుకునే కాస్త చవగ్గా చేసి పల్లెకు పంపితే అమ్ముడుపోతుందనుకోవడం చాలా కంపెనీలు చేసిన పొరపాటు. పల్లెలోనూ చిన్న పట్టణంలోనూ కొనేవారికి అసలు అడ్డంకి సరుకు ఖరీదు కాదు, ఒక్కసారిగా చేతిలోంచి పోయే డబ్బు. రోజు కూలీ మీద నడిచే ఇంట్లో నెలకు సరిపడా ఒకేసారి కొని పెట్టుకోవడం కుదరదు. అందుకే అక్కడ లెక్క తలకిందులుగా మొదలవుతుంది: ముందు జేబులో ఉండే నాణెం, ఆ నాణేనికి ఎంత సరుకు ఇవ్వగలమన్నది ఆ తర్వాత, దాన్ని ఊరి కొట్టు దాకా చేర్చడానికి ఎన్ని పైసలు మిగులుతాయన్నది చివర. ఈ మూడో మెట్టు దగ్గరే ఎక్కువ పథకాలు కూలిపోతాయి. దీన్ని అర్థం చేసుకోవడానికి భారతదేశంలో షాంపూ సాచెట్ కన్నా మంచి ఉదాహరణ దొరకదు.

తమిళనాడులోని కడలూరుకు చెందిన చిన్ని కృష్ణన్ షాంపూను ఒక్కసారి వాడకానికి సరిపడే పొట్లాల్లో అమ్మాలన్న ఆలోచనకు ఆద్యుల్లో ఒకరు. ఆయన కుమారుడు సి.కె. రంగనాథన్ కుటుంబ వ్యాపారం నుంచి విడిపోయి 1983లో 15,000 రూపాయల పెట్టుబడితో చిక్ షాంపూ మొదలుపెట్టారు. ఆ కంపెనీయే తర్వాత కెవిన్‌కేర్ అయింది. అప్పటికే సాచెట్లు అమ్మే కంపెనీలు మార్కెట్లో ఉన్నాయి. కాబట్టి చిక్ విజయానికి కారణం పొట్లం ఒక్కటే కాదు, ఆ పొట్లం చుట్టూ చేసిన పని.

దక్షిణాది పల్లెల్లో షాంపూకు అసలు పోటీ మరో షాంపూ కాదు, కుంకుడుకాయ, సీకాయ, ఒంటికి రుద్దుకునే సబ్బు. ఎంత పోయాలో, ఎలా రుద్దాలో తెలియనివారికి పొట్లం చేతికిస్తే సరిపోదు. చిక్ మనుషులు ఊళ్లలో పిల్లల తలకు షాంపూ పెట్టి, కడిగి, ఆరిన జుట్టును చుట్టూ ఉన్నవాళ్లు ముట్టుకుని చూసేలా చేశారు. జనానికి నోటికొచ్చిన సినిమా డైలాగులతో రేడియోలో ప్రకటనలు ఇచ్చారు. అన్నిటికన్నా పదునైన ఎత్తు ఖాళీ ప్యాకెట్ల మార్పిడి. ఏ కంపెనీ షాంపూవైనా 5 ఖాళీ సాచెట్లు తెస్తే ఒక చిక్ సాచెట్ ఉచితం. దీనితో ఇప్పటికే షాంపూ అలవాటైనవారు, అంటే ఒప్పించడానికి ఖర్చు అక్కర్లేనివారు, తమంతట తామే వచ్చి చేరారు. కొత్త సరుకును కొట్లో పెట్టుకోవడానికి కొట్టువాళ్లకూ ఒక కారణం దొరికింది. కొన్నాళ్లకు షరతు మార్చి, చిక్ ఖాళీలు తెస్తేనే ఉచితమన్నారు. మొదటి దశ కొత్తవాళ్లను తెచ్చింది, రెండో దశ వాళ్లను నిలిపింది. ఈ వరుస తిరగేసి ఉంటే, చిక్ వాడనివాళ్లకు ఆ పథకంతో పనే ఉండేది కాదు.

సరుకును మలచడంలోనూ చిన్న చిన్న సంగతులే తేల్చేస్తాయి. వారానికోసారి తలంటుకునే ఇంట్లో జుట్టుకు నూనె ఎక్కువగా ఉంటుంది. నూనె జుట్టు మీద మొదటి సారి నురగ రాదు, నురగ రాకపోతే షాంపూ పనిచేయలేదనుకుంటారు. బావి నీళ్లో బోరు నీళ్లో అయితే నీటి కఠినత్వం వేరుగా ఉంటుంది. ఒక చోట బాగా పనిచేసిన మిశ్రమం ఇంకో జిల్లాలో జుట్టును జిడ్డుగా వదిలేస్తుంది. తడి చేత్తో చింపేటప్పుడు అంచున గాటు సరిగ్గా లేకపోతే పళ్లతో చింపుతారు, సగం నేలపాలవుతుంది. మల్లె, గులాబీ వాసనలతో చిక్ తెచ్చిన రకాలు దక్షిణాదిలో బాగా ఆడాయి. జడలో పూలు పెట్టుకునే చోట ఆ వాసన ఎంత పని చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ధర. 1999లో చిక్ 50 పైసల సాచెట్ తెచ్చింది. అప్పట్లో ఆ నాణెం కొట్లలో చెల్లేది. 2011 జూన్ 30తో 25 పైసలు, అంతకన్నా చిన్న నాణేలు రద్దయ్యాయి. 50 పైసలు చట్టం ప్రకారం నేటికీ చెల్లుబాటే అయినా కొట్లలో తీసుకోవడం ఆగిపోయింది. దాంతో సాచెట్‌కు అతి తక్కువ ధర రూపాయి అయింది. ఇక్కడ తెలుసుకోవలసింది, పల్లె ధరకు మెట్లు ఉంటాయి: 1, 2, 5, 10. ఈ మెట్ల మధ్య ధర ఉండదు. రూపాయి పావలాకు అమ్మితే చిల్లర లేదని కొట్టువాడు చాక్లెట్ ఇస్తాడు లేదా ఆ సరుకే పెట్టుకోడు.

లెక్క ఎలా వెనక్కి వేస్తారో ఒక నమూనాతో చూద్దాం. ఈ అంకెలు కేవలం ఉదాహరణకు, ఏ ఒక్క కంపెనీవీ కావు. ధర 100 పైసలు. అందులో ఊరి కొట్టువాడికి 12, పట్టణంలోని స్టాకిస్టుకూ అతని కింద సరుకు మోసేవారికీ కలిపి 8 పోతాయి. షాంపూ మీద జీఎస్టీ 18 శాతంగా ఉన్నప్పుడు పన్నుకు సుమారు 15 పైసలు. మిగిలేవి 65. ప్యాకెట్‌లో 6 మి.లీ. పోసి, మి.లీ.కి 5 పైసల చొప్పున ద్రవానికి 30 పైసలు, పొర, నింపుడు, అట్టపెట్టెలకు 18 పైసలు అనుకుంటే, రవాణాకూ ప్రకటనలకూ లాభానికీ కలిపి 17 పైసలు.

ముడిసరుకు ధర పెరిగి ద్రవం మి.లీ.కి 6 పైసలు అయిందనుకుందాం. 30 కాస్తా 36 అవుతుంది, 17లోంచి 6 పోయి 11 మిగులుతాయి. ధర పెంచాలంటే తర్వాతి మెట్టు 2 రూపాయలు, అంటే ఒక్క దెబ్బన రెట్టింపు. కాబట్టి కంపెనీలు పరిమాణం తగ్గిస్తాయి: 6 మి.లీ. 5 అవుతుంది, ద్రవం ఖర్చు మళ్లీ 30కి దిగుతుంది. ఇది కొంతవరకే సాగుతుంది. పొడుగు జుట్టుకు ఒక ప్యాకెట్ చాలని స్థాయికి పరిమాణం దిగితే, కొనేవారి దృష్టిలో ఆ సరుకు ధర 2 రూపాయలే. అది జరిగిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. ఒకేసారి రెండేసి ప్యాకెట్లు చింపి తీసుకెళ్లేవారు ఎక్కువయ్యారా అని కొట్టువాడినడిగితే చాలు. సర్వే నివేదిక వచ్చేలోపు అతను చెప్పేస్తాడు.

పన్ను తగ్గినప్పుడూ ఇదే ఇబ్బంది తిరగబడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి షాంపూ మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. రూపాయి ప్యాకెట్‌లో పన్ను సుమారు 15 పైసల నుంచి 5 పైసలకు దిగింది. కానీ 90 పైసలకు అమ్మడం ఎలా? ఆ ధరకు నాణెమే లేదు. మిగిలిన దారి పరిమాణం పెంచడం. మన నమూనాలో 10 పైసలకు 2 మి.లీ. వరకు కలుపుకోవచ్చు. అయితే 6 మి.లీ. కోసం కట్ చేసిన పొరలో 8 మి.లీ. పోస్తే అతుకు దగ్గర ఒత్తిడి పెరిగి పెట్టెలో కారుతుంది. పొర వెడల్పు, యంత్రం అమరిక, ముద్రణ అన్నీ మారాలి. ఈలోపు పాత పరిమాణం సరుకు గొలుసంతా నిండి ఉంటుంది. సీసాకు కొత్త ధర అచ్చు వేయడం ఒక స్టిక్కర్ పని, సాచెట్‌కు అది ఫ్యాక్టరీ పని.

ధర తేలాక సరుకు కొట్టుకు చేరాలి. ఊరి కిరాణా కొట్టువాడు సాచెట్‌ను ఎందుకు ఇష్టపడతాడో కంపెనీ లెక్కల్లో కనబడదు, అతని గల్లాపెట్టె లెక్కలో కనబడుతుంది. అతని దగ్గర డబ్బు తక్కువ, కాబట్టి ఆ డబ్బు ఎన్నిసార్లు తిరిగిందన్నదే లాభం. 88 పైసలకు కొని రూపాయికి అమ్మే సాచెట్ల మీద 500 రూపాయలు పెట్టి, వారంలో అమ్మేస్తే దాదాపు 68 రూపాయలు వస్తాయి. అదే డబ్బు వచ్చే వారం మళ్లీ తిరుగుతుంది. అదే 500 సీసాల మీద పెడితే నూటికి 15 కమిషన్ ఇచ్చినా వచ్చేది 88 రూపాయలే, పైగా అవి అమ్ముడవడానికి మూడు నెలలు పట్టవచ్చు. ఎక్కువ కమిషన్ ఇస్తామన్నా పల్లె కొట్టువాడు సీసా వద్దనడానికి కారణం ఇదే. సాచెట్ల దండ చూరుకు వేలాడదీస్తే అరలో చోటు కూడా అక్కర్లేదు, అదే అతనికి ప్రకటన బోర్డు. అందుకే దండలో ప్యాకెట్ల మధ్య చిల్లుల గీత సరిగా ఉండాలి. ఒకటి లాగితే పక్కది చిరిగితే ఆ నష్టం కొట్టువాడిదే. రెండుసార్లు అలా అయితే మూడోసారి ఆ కంపెనీ దండ అక్కడ కనబడదు.

అయితే ఆ దండ ఊరికి ఎవరు తెస్తారు? కంపెనీ నుంచి డిపో, డిపో నుంచి పట్టణ స్టాకిస్టు, అక్కడి దాకా ఇబ్బంది లేదు. చివరి పది, పదిహేను కిలోమీటర్లే గొలుసులో బలహీనమైన లంకె. వ్యాన్ పెట్టి చూద్దాం. డీజిల్, డ్రైవర్, సేల్స్‌మన్, బండి అరుగుదల కలిపి రోజుకు 2,400 రూపాయలు ఖర్చనుకుందాం. వంద రూపాయల సరుకు మీద 8 రూపాయలు మిగిలితే, ఖర్చు మాత్రమే రాబట్టుకోవడానికి రోజుకు 30,000 రూపాయల అమ్మకం కావాలి. ఆరు ఊళ్లు, ఊరికి నాలుగు కొట్లు చొప్పున 24 కొట్లు తిరిగితే ఒక్కో కొట్టు 1,250 రూపాయల సరుకు కొనాలి. ఒక చిన్న కొట్టు ఒకే కంపెనీ సరుకు వారానికి 400 రూపాయలదే కొంటే రోజు అమ్మకం 9,600, వచ్చేది 768 రూపాయలు. మిగతా 1,632 రూపాయలు ప్రతి రోజూ చేతి నష్టం.

వారానికి బదులు పదిహేను రోజులకోసారి తిరిగితే కొట్టు 800 రూపాయల సరుకు కొంటుందని కాగితం మీద అనిపిస్తుంది. అప్పటికీ వచ్చేది 1,536 మాత్రమే. నిజానికి కొట్టువాడి దగ్గర ఒకేసారి పెట్టడానికి అంత డబ్బు ఉండదు. 400కే కొంటాడు, రెండో వారం సరుకు అయిపోతే పట్టణంలో హోల్‌సేల్ కొట్టుకు వెళ్లి తెచ్చుకుంటాడు. అక్కడ హోల్‌సేలర్ ఎవరి సరుకు చేతికి అందిస్తే అదే ఊరికి వెళ్తుంది. కంపెనీ వ్యాన్ ప్రచారం చేసి పెంచిన గిరాకీ ఇలా పోటీదారు దండకు చేరడం మామూలే. పోటీ లేని రెండు మూడు కంపెనీలు, ఉదాహరణకు బ్యాటరీలు, టీ పొడి, షాంపూ, ఒకే వ్యాన్ పంచుకుంటే లెక్క కుదరవచ్చు. కానీ ఎవరి సరుకు ముందు చూపించాలన్న దగ్గర సేల్స్‌మన్ తనకు ఎక్కువ ఇన్సెంటివ్ ఇచ్చేదాన్నే ముందుకు తోస్తాడు. ఇన్సెంటివ్‌లు ముందే సమానం చేసుకోకపోతే ఆ పొత్తు ఎక్కువ కాలం నిలవదు.

వ్యాన్ వెళ్లలేని ఊళ్లకు హిందుస్థాన్ లీవర్, నేటి హిందుస్థాన్ యూనిలీవర్, వెతికిన దారి ప్రాజెక్ట్ శక్తి. అది మొదలైంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని నల్లగొండ జిల్లాలో, 2000-01 ప్రాంతంలో. రెండు వేల లోపు జనాభా ఉన్న ఊళ్లు దాని లక్ష్యం. నల్లగొండను ఎంచుకోవడంలో అర్థముంది: అక్కడ డ్వాక్రా సంఘాలు అప్పటికే బలంగా ఉన్నాయి, పొదుపు చేయడం, అప్పు తీసుకుని కట్టడం అలవాటైన మహిళలు ఉన్నారు. సంఘంలో ఒక మహిళ పది, పదిహేను వేల రూపాయల సరుకు తెచ్చుకుని ఇళ్లకూ చుట్టుపక్కల కొట్లకూ అమ్ముతుంది. వ్యాన్ రోజు ఖర్చు ఇక్కడ ఉండదు, ఎందుకంటే అమ్మే మనిషి ఆ ఊరిలోనే ఉంటుంది.

ఆమె ఆదాయం ఎలా వస్తుందో చూస్తే ఈ పద్ధతి బలమూ బలహీనతా తెలుస్తాయి. తొలి సంవత్సరాల్లో ఇంటింటికీ అమ్మిన సరుకు మీద నూటికి 11 రూపాయలు, కొట్లకు వేసిన సరుకు మీద నూటికి 3 రూపాయలు, అటూఇటూగా, మిగిలేవి. నెలకు 12,000 రూపాయల సరుకు అమ్మి, అందులో 4,000 ఇళ్లకు, 8,000 కొట్లకు వెళ్తే 440, 240 కలిపి 680 రూపాయలు. ఆ కాలానికి పల్లెలో ఆ డబ్బు తక్కువేమీ కాదు. ఆ 4,000 మాత్రం నిలబెట్టుకోవడం కష్టం. ఇంటింటి అమ్మకం అంటే ఇరుగుపొరుగుకు, చుట్టాలకు అమ్మడం. వాళ్లు అరువు అడుగుతారు, కాదనడం కష్టం. 12,000 పెట్టుబడిలో 3,000 ఊళ్లో అరువుగా చిక్కుకుంటే నెలకు తెచ్చే సరుకు పావు వంతు తగ్గుతుంది, బ్యాంకు వాయిదా మాత్రం తగ్గదు. కొన్నాళ్లకు కొట్లకు అమ్మకమే మిగిలి ఆమె నూటికి 3 మీద ఆధారపడుతుంది. వంద రూపాయల సరుకు మోసి మూడు రూపాయలు సంపాదించడం కన్నా కూలికి వెళ్లడం మేలనుకునే రోజు అప్పుడే వస్తుంది. ఆడమనిషి పక్క ఊళ్లకు ఒంటరిగా సరుకు మోసుకెళ్లడానికి ఉండే ఇబ్బందులు దీనికి తోడు. 2010 తర్వాత కంపెనీ ఆ కుటుంబాల్లోని భర్తలను, అన్నదమ్ములను సైకిళ్లతో ‘శక్తిమాన్’లుగా చేర్చి చుట్టుపక్కల ఊళ్లకు పంపడం ఈ లోటు పూడ్చడానికే. ఒక్క ఊరి గిరాకీ ఒక కుటుంబానికి చాలదు, నాలుగైదు ఊళ్లు కలిస్తేనే కూలి గిడుతుంది.

ఇలాంటి పథకం చెడిపోతోందని కంపెనీ కార్యాలయంలో చివరగా తెలుస్తుంది. అక్కడ కనబడేది స్టాకిస్టుకు వేసిన బిల్లు మాత్రమే. నెలాఖరులో లక్ష్యం చేరడానికి స్టాకిస్టు మీద, అతని నుంచి శక్తి మహిళ మీద సరుకు రుద్దుతారు. బిల్లు పెరుగుతుంది, ఇంట్లో పెట్టెలు పెరుగుతాయి. దీన్ని పట్టుకోవడానికి ఊరి కొట్లో వేలాడే దండ తీసి దాని మీద తయారీ నెల చూడాలి. స్టాకిస్టు దగ్గర ఈ నెల సరుకు, కొట్లో ఆరు నెలల నాటి సరుకు ఉంటే అమ్మకం ఆగి బిల్లు మాత్రమే నడుస్తోందన్నమాట. దండ మీద దుమ్ము కూడా అదే చెబుతుంది. ఒక ప్రాంతంలో మాత్రమే బిల్లు పడిపోయి కొట్లలో దండలు నిండుగా కనబడితే అనుమానించవలసింది నకిలీని. చదవడం రానివారు సరుకును రంగుతో, బొమ్మతో గుర్తుపడతారు. పేరులో ఒక అక్షరం మార్చి రంగు అలాగే ఉంచితే చాలు. పట్నంలో కొత్తదనం కోసం ప్యాకెట్ రంగు మార్చే కంపెనీ పల్లెలో ఆ గుర్తును తన చేతులతోనే చెరిపేసుకుంటుంది. పాత రంగుతో నకిలీ అప్పుడే అసలుగా చెలామణి అవుతుంది.

సాచెట్‌తో వచ్చిన ఇంకో చిక్కు సొంత సీసాతో పోటీ. పోటీ తీవ్రమై షాంపూ సాచెట్‌లో మి.లీ. ధర సీసా కన్నా తక్కువకు దిగింది. రూపాయికి 6 మి.లీ. అంటే 100 మి.లీ. సుమారు 17 రూపాయలు, ఆ ధరకు సీసా దొరకదు. చిన్న ప్యాకెట్‌తో అలవాటు చేసి, ఆదాయం పెరిగాక సీసాకు ఎక్కిద్దామన్న ఆశ ఇక్కడే తప్పింది. ఆదాయం పెరిగినవాళ్లు ఎక్కువ ప్యాకెట్లు కొంటున్నారు, పట్నంలోనూ నెల సరుకులతోపాటు దండలు దండలుగా తీసుకెళ్తున్నారు. టీ పొడిలోనో డిటర్జెంట్‌లోనో పెద్ద ప్యాకెట్ కొనేవారికి ఏదో ఒక లాభం మిగిల్చిన కంపెనీలకు ఈ ఇబ్బంది ఇంతగా లేదు.

మిగిలింది ఖాళీ పొర. సాచెట్ రెండు మూడు రకాల పొరలు అతికించినది. వాటిని విడదీయడం ఖరీదైన పని కాబట్టి పాత సామాన్ల వ్యాపారి దాన్ని తీసుకోడు. ఒక్కోటి గ్రాము అటూఇటూ తూగితే కిలో కావడానికి దాదాపు వెయ్యి ఖాళీలు ఏరాలి, ఏరినా చేతికి ఏమీ రాదు. 2022 జూలై నుంచి నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో సాచెట్ లేదు. దాన్ని తయారీదారు బాధ్యత నిబంధనల కిందకు తెచ్చారు. కానీ ఆ నిబంధనలు చూసేది ఎన్ని టన్నులు వెనక్కి తెచ్చారన్నది. ఆ బరువును పెద్ద నగరాల చెత్త నుంచి పూడ్చుకోవడం కంపెనీకి తేలిక, చవక. ఆరు ఊళ్ల 24 కొట్లకు సరుకు వేయడానికే వ్యాన్ లెక్క కుదరనప్పుడు, వాటి ఖాళీలు తిరిగి తేవడానికి రూపాయిలో పైసా కేటాయించిన లెక్క ఇంకా ఎక్కడా లేదు. కేటాయించాలంటే ఆ పైసా ప్యాకెట్‌లోని మి.లీ.ల్లోంచి రావాలి, లేదా ధర 2 రూపాయల మెట్టు ఎక్కాలి.